శనివారం ఇంటర్వ్యూకి రాలేనని గురువారమే చెప్పండి

కూకట్‌పల్లిలో ఉండే ఒక టెస్టింగ్ ఇంజనీరు ఉందనుకుందాం. నాలుగేళ్ల అనుభవం, 60 రోజుల నోటీస్ పీరియడ్. రెండు కంపెనీల్లో ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి. గురువారం మొదటి కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది, ఒప్పుకుంటున్నట్టు జవాబు కూడా పంపేసింది. రెండో కంపెనీ ఆఖరి రౌండ్ శనివారం. ఆ అవకాశం ఒక కన్సల్టెన్సీ ద్వారా వచ్చింది.

ఇలాంటప్పుడు చాలామంది ఫోన్ ఎత్తడం మానేస్తారు. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడతాయి, జవాబు రాదు. కొందరు జ్వరమని చెప్పి వచ్చే వారానికి జరుపుతారు. ఇంకొందరు ‘ఎక్కువిస్తారేమో చూద్దాం’ అని వెళ్లి కూర్చుంటారు. ఈ మూడింటిలో జ్వరం సాకే అన్నిటికంటే చెడ్డదని నా లెక్క. ఎందుకంటే అవతలివాళ్లు మళ్లీ ప్యానెల్‌ని కూర్చోబెట్టే పనిలో పడతారు.

రిక్రూటర్‌కి అసలు నష్టం మీరు ‘వద్దు’ అనడం వల్ల రాదు, ఆ మాట ఆలస్యంగా తెలియడం వల్ల వస్తుంది. శనివారం కోసం మేనేజర్ల సమయం ముందే పట్టి ఉంచుతారు. మీ తర్వాతి పేరు ఇంకా జాబితాలోనే ఉంటుంది. గురువారం తెలిస్తే ఆ మనిషిని పిలవచ్చు, శనివారం పొద్దున తెలిస్తే చేసేదేమీ ఉండదు. కన్సల్టెన్సీలకు సాధారణంగా అభ్యర్థి చేరిన తర్వాతే ఫీజు వస్తుంది. తరచూ అది ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతమంత. కాబట్టి మీ మౌనానికి అక్కడ ఎవరో ఒకరి టార్గెట్ దెబ్బతింటుంది.

అయితే తొందరపడి ముందే తప్పుకోకండి. ‘మీరు సెలెక్ట్ అయ్యారు’ అని ఫోన్‌లో చెప్పినంత మాత్రాన ఆఫర్ వచ్చినట్టు కాదు. లెటర్ చేతికి రావాలి, అందులో జీతం వివరాలు, చేరాల్సిన తేదీ చూసుకోవాలి, మీరు ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా వెళ్లాలి. అది అయిన రోజే రెండో చోట చెప్పేయాలి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఇంకా మిగిలి ఉన్నా, మీ సర్టిఫికెట్లూ అనుభవం లెటర్లూ సరిగ్గా ఉంటే దాని కోసం ఆగనక్కర్లేదు.

మొదట చెప్పాల్సింది మీ ప్రొఫైల్ పంపిన కన్సల్టెన్సీ మనిషికే. ఆమెను దాటి నేరుగా కంపెనీ హెచ్‌ఆర్‌కి చెబితే ఆమె అక్కడ ఇబ్బంది పడుతుంది. మొదటి రౌండే అయితే మెయిల్ చాలు. ఇది ఆఖరి రౌండ్ కాబట్టి ముందు ఫోన్ చేయాలి. మాటలు దాదాపు ఇలా సాగుతాయి:

‘మేడమ్, శనివారం రౌండ్‌కి రాలేనండి. ఇవాళే వేరే కంపెనీ ఆఫర్ ఒప్పుకున్నాను.’

‘అయ్యో, ఎక్కడండీ? ప్యాకేజీ ఎంత? మేం మాట్లాడి పెంచుతాం కదా!’

‘జాయినింగ్ డేట్ కూడా ఖరారైందండి. మీ టైమ్ వృథా కాకూడదని వెంటనే చెబుతున్నాను.’

ఇక్కడ అంకె బయటపెడితే బేరం మొదలవుతుంది. బేరమాడే ఉద్దేశం ఉంటే మొదటి ఆఫర్ ఒప్పుకోకముందే ఆడాల్సింది. కంపెనీ పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చేరాక చెబుతానంటే ఎవరూ తప్పు పట్టరు.

ఫోన్ పెట్టేశాక మెయిల్ తప్పకుండా పంపాలి. సబ్జెక్టులో మీ పేరు, పోస్టు పేరు, జాబ్ ఐడీ ఉంటే ఆమె వెతుక్కోనక్కర్లేదు. ఇంగ్లీషులో రాసినా సారాంశం ఇంతే: ‘ఇందాక ఫోన్‌లో చెప్పినట్టు, నేను వేరే ఆఫర్ అంగీకరించినందున ఈ పోస్టుకు నా అభ్యర్థిత్వాన్ని ఉపసంహరించుకుంటున్నాను. శనివారం ఇంటర్వ్యూ రద్దు చేయగలరు. రెండో రౌండ్‌లో ఆటోమేషన్ గురించి మీ టీమ్‌తో జరిగిన చర్చ నాకు నచ్చింది. ముందు ముందు తగిన అవకాశం ఉంటే తెలియజేయండి.’ చర్చ సంగతి నిజంగా జరిగిందే అయుండాలి, లేకపోతే ఆ వాక్యం తీసేయండి. ‘ప్రస్తుతానికి హోల్డ్‌లో పెట్టండి’ అని మాత్రం రాయకండి. అది వస్తున్నట్టూ కాదు, మానుకున్నట్టూ కాదు.

ఈ మెయిల్ వల్ల ముందు ముందు ఉపయోగం ఉంది. చాలా కంపెనీలు అభ్యర్థుల వివరాలను సాఫ్ట్‌వేర్‌లో దాచుకుంటాయి. ‘అభ్యర్థి తప్పుకున్నారు’ అన్న నమోదు వేరు, ‘ఇంటర్వ్యూకి రాలేదు’ అన్నది వేరు. రెండేళ్ల తర్వాత అదే మెయిల్ ఐడీతో దరఖాస్తు చేస్తే ఆ పాత నమోదు అవతలివాళ్ల కంటపడవచ్చు. అంతకంటే ముందే అవసరం పడచ్చు కూడా. మొదటి కంపెనీ జాయినింగ్ వాయిదా వేసిందనుకోండి, అదే రిక్రూటర్‌కి ఫోన్ చేసి ‘ఆ పోస్టు ఇంకా ఖాళీగా ఉందా అండీ?’ అని మొహమాటం లేకుండా అడగవచ్చు.

రెండో కంపెనీ ఆఫర్‌ని కూడా అప్పటికే ఒప్పుకుని ఉంటే సంగతి వేరు. అప్పుడు మీరు ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నట్టే, కాబట్టి ఆ లెటర్‌లోని షరతులు చదివాకే మాట్లాడండి. మెయిల్ వెళ్లాక నౌక్రీ ప్రొఫైల్‌లో కూడా మార్పు చేసుకోండి. లేకపోతే ‘వెంటనే చేరగలరా’ అనే ఫోన్లు ఆగవు.