పెళ్ళికి మూడేళ్ళుంది: నెలకెంత వేయాలి?

పెళ్ళి ఖర్చు ఏ ఏడాదిలో వస్తుందో సుమారుగా ముందే తెలుస్తుంది. అమ్మాయి పీజీ ఎప్పుడు పూర్తవుతుంది, అబ్బాయి ఉద్యోగంలో ఎప్పుడు కుదురుకుంటాడు అని ఇంట్లో అనుకుంటూనే ఉంటారు. ఇలా తేదీ, మొత్తం రెండూ దాదాపు తెలిసిన ఖర్చుకు ముందు నుంచే విడతలుగా డబ్బు పక్కన పెట్టే పద్ధతిని సింకింగ్ ఫండ్ అంటారు. దేశం చేసిన అప్పు తీర్చడానికి బ్రిటన్ 1717లోనూ, 1786లోనూ ఇలాంటి నిధులు పెట్టింది. ఇప్పుడు అపార్ట్‌మెంట్ సంఘాలు లిఫ్టు మార్చడానికో, భవనానికి పెద్ద మరమ్మతులకో ఇదే పేరుతో వసూలు చేస్తున్నాయి. మన ఇళ్ళలో దీనికి సరిగ్గా సరిపోయే సాధనం బ్యాంకు రికరింగ్ డిపాజిట్.

ఒక మధ్యతరగతి ఇంటి లెక్క వేసి చూద్దాం. నరసరావుపేట లాంటి ఊరు. 2026 మేలో మొదలుపెట్టి, 2029 మే చివర వైశాఖంలో పెళ్ళి చేయాలని అనుకుంటున్నారు. ఇవాళ్టి ధరల్లో ఖర్చు ఇలా ఉందనుకుందాం: కల్యాణ మండపానికి లక్ష, 500 మందికి విస్తరికి 400 చొప్పున భోజనాలకు 2 లక్షలు, బట్టలకు 1,20,000, అలంకరణ, మేళం, ఫోటోలకు 90,000, శుభలేఖలు, పురోహితుడు, సామాను, ప్రయాణాలకు 60,000, చేతి ఖర్చుకు 30,000. మొత్తం 6 లక్షలు. బంగారాన్ని ఇందులో కలపలేదు. దాని లెక్క వేరు, కారణం తర్వాత చెబుతాను.

చాలామంది ఈ 6 లక్షలను 36తో భాగించి, నెలకు 16,667 అని రాసుకుంటారు. ఆ లెక్కలో మూడు లోపాలున్నాయి. ధరలు పెరుగుతాయి, చేతిలో అప్పటికే ఉన్న డబ్బు ఎదుగుతుంది, ఖర్చంతా పెళ్ళిరోజునే రాదు. ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా సరిచేస్తే అసలు అంకె బయటికి వస్తుంది.

ముందు ధరలు. మండపాలు, వంటవాళ్ళ ధరలు ఏటా 8 శాతం పెరుగుతాయని అనుకుంటే, 6 లక్షలు మూడేళ్ళకు 7,55,827 అవుతుంది. మీ ఊళ్ళో పెరుగుదల ఎంతో తెలుసుకోవడానికి ఒక మంచి దారి ఉంది. మూడేళ్ళ కిందట పెళ్ళి చేసిన బంధువుల దగ్గర మండపం రసీదు, వంటల బిల్లు అడిగి చూడండి. వాటిని ఇవాళ్టి ధరతో పోలిస్తే వచ్చే శాతం, పేపర్లలో వచ్చే సగటు ద్రవ్యోల్బణం కన్నా మీకు బాగా పనికొస్తుంది.

తర్వాత చేతిలో ఉన్నది. ఈ ఇంట్లో లక్షా యాభై వేలు పొదుపు ఖాతాలో ఉన్నాయనుకుందాం. మండపానికి, వంటవాళ్ళకు అడ్వాన్సులు పెళ్ళికి ఆరు నెలల ముందే ఇవ్వాలి. కాబట్టి ఈ మొత్తాన్ని 30 నెలలకు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే 2028 నవంబరులో చేతికొస్తుంది. 6.5 శాతం వడ్డీ, మూడు నెలలకొకసారి అసలులో కలిసే లెక్కన అది 1,76,237 అవుతుంది. దీంతో అడ్వాన్సులు తీరిపోతాయి.

ఇక మిగిలింది 5,79,590. బట్టలు, వెండి సామాను, శుభలేఖల పనులు పెళ్ళికి మూడు నెలల ముందు నుంచే ఊపందుకుంటాయి. అందుకే రికరింగ్ డిపాజిట్‌ను 36 నెలలకు కాకుండా 33 నెలలకు వేయాలి. మే 5న మొదటి వాయిదా కడితే, 33వ వాయిదా 2029 జనవరిలో పూర్తయి, ఫిబ్రవరి 5న మొత్తం చేతికొస్తుంది. మన బ్యాంకులు మామూలుగా వాడే సూత్రం ఇది:

```
M = R × [(1 + i)^n − 1] ÷ [1 − (1 + i)^(−1/3)]
```

R అంటే నెల వాయిదా, n అంటే ఎన్ని త్రైమాసికాలు, i అంటే ఏడాది వడ్డీ శాతాన్ని 400తో భాగిస్తే వచ్చేది, M అంటే గడువు నాటికి వచ్చే మొత్తం. 6.5 శాతానికి i విలువ 0.01625, 33 నెలలకు n విలువ 11. నెలకు వెయ్యి కడితే 36,204 వస్తుంది. 5,79,590ని 36.204తో భాగిస్తే నెలకు 16,009. గుండ్రంగా 16,000 అనుకోవచ్చు.

ఈ 16,000లో వడ్డీ వాటా ఎంతో చూస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. 33 నెలల్లో కట్టేది 5,28,000, వడ్డీగా వచ్చేది 51,000 పైచిలుకు. పదో వంతు కన్నా తక్కువ. మొదటి వాయిదా 33 నెలలు బ్యాంకులో ఉంటుంది కానీ చివరిది ఒక్క నెలే ఉంటుంది. సగటున ఒక్కో రూపాయి 17 నెలలే పనిచేస్తుంది. ఆరున్నర శాతం వడ్డీ పదిహేడు నెలలకు తొమ్మిది శాతం చిల్లర. చక్రవడ్డీ పెద్ద చెట్టు కావడానికి ఈ గడువు చాలదు.

అందుకే, ఎక్కడ అర శాతం ఎక్కువిస్తారా అని బ్యాంకు బ్యాంకుకూ తిరగడం కన్నా ముఖ్యమైన పని మరొకటి ఉంది. లెక్కను కాస్త కదిపి చూడండి. రికరింగ్ డిపాజిట్ వడ్డీ 6.5 నుంచి 7 శాతానికి పెరిగితే నెల వాయిదా 15,895 అవుతుంది, అంటే తగ్గేది 114 రూపాయలే. అదే ధరలు 8 కాకుండా 10 శాతం చొప్పున పెరిగితే వాయిదా 17,191కి ఎక్కుతుంది, నెలకు సుమారు 1,180 అదనం. పిలుపుల జాబితాలో మరో వంద మంది చేరితే ఇవాళ్టి ధరలో 40,000, మూడేళ్ళ తర్వాత 50,000 పైన, నెల వాయిదాలో 1,392. ఆరు నెలలు ఆలస్యంగా మొదలుపెడితే 27 వాయిదాలే మిగులుతాయి, నెలకు 19,893 కట్టాలి. అర శాతం వడ్డీ కోసం పడే తపనలో పదో వంతు పిలుపుల జాబితా మీద పెడితే ఈ ఇంటికి ఎంతో మేలు. ఆ జాబితా మీద పెద్దవాళ్ళు ఇప్పుడే కూర్చోవాలి, శుభలేఖలు అచ్చువేసే వారంలో కాదు.

పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ గురించి ఒక హెచ్చరిక. 2023 అక్టోబరులో దాని వడ్డీ 6.7 శాతమైంది, భద్రత గురించి బెంగ లేదు. కానీ దాని గడువు ఐదేళ్ళు. మూడేళ్ళు నిండే దాకా మూయడానికి వీల్లేదు. మూడేళ్ళ తర్వాత మూస్తే, ఐదేళ్ళకు ఒక్కరోజు తక్కువైనా, ఇచ్చేది పొదుపు ఖాతా వడ్డీయే, అంటే 4 శాతం. మూడేళ్ళు నెలకు వెయ్యి కట్టినవారికి ఆ లెక్కన సుమారు 2,200 వడ్డీ వస్తే, 6.5 శాతం ఇచ్చే బ్యాంకులో 3,824 వస్తుంది. ఐదేళ్ళ అవసరానికి మంచిదైన పథకం మూడేళ్ళ పెళ్ళికి నష్టం తెస్తుంది. వడ్డీ రేటు పక్కనే గడువును కూడా చదవాలి.

బ్యాంకులో వేసేటప్పుడు 16,000 ఒకే ఖాతాగా కాకుండా 10,000 ఒకటి, 6,000 ఒకటిగా వేయండి. రికరింగ్ డిపాజిట్ లోంచి కొంత మాత్రమే తీసుకునే వీలుండదు. మధ్యలో యాభై వేలు కావాల్సొస్తే ఖాతా మొత్తం మూయాలి. అప్పుడు డబ్బు ఎంతకాలం ఉందో ఆ కాలానికుండే రేటులో కొంత కోసి వడ్డీ ఇస్తారు. రెండు ఖాతాలుంటే ఆ దెబ్బ చిన్నదానికే తగులుతుంది. వాయిదా తేదీని జీతం పడిన రెండు మూడు రోజులకు పెట్టించి, ఖాతా నుంచి దానంతటదే కట్ అయ్యేలా రాసివ్వండి. వాయిదా తప్పితే జరిమానా చిన్నదే కానీ, తప్పిన నెల డబ్బు వేరే ఖర్చుకు వెళ్ళిపోవడం అసలు నష్టం.

ముహూర్తం ముందుకు జరిగితే? ఇది ఊహకు అందని విషయం కాదు. 2029 మార్చిలో శుక్రుడు భూమి నుంచి చూస్తే సూర్యుడికి ఆవలి వైపుకు చేరి, ఆ వెలుగులో కలిసిపోతాడు. దానికి ముందూ వెనకా కొన్ని వారాలు శుక్ర మౌఢ్యమని పంచాంగం పెళ్ళిళ్ళకు వదిలేస్తుంది. అందుకే, మే నెలకు కుదరదని వియ్యాలవారు అంటే, ముహూర్తం మాఘమాసానికి, అంటే జనవరి చివరికో ఫిబ్రవరి మొదటికో వస్తుంది. అప్పటికి 33 వాయిదాలూ కట్టేసి ఉంటారు, గడువు మాత్రం నిండదు. అలాంటప్పుడు ఖాతా మూయకండి. డిపాజిట్ మీదే అప్పు ఇస్తారు. డిపాజిట్ వడ్డీ కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ ఉంటుంది. 5 లక్షలు ఒక నెలకు 8.5 శాతం మీద తీసుకున్నా వడ్డీ 3,550 లోపే. గడువు నిండగానే అప్పు అందులోంచే తీరిపోతుంది.

ఇప్పుడు బంగారం. రికరింగ్ డిపాజిట్ గడువు నాటికి ఇన్ని రూపాయలు ఇస్తానంటుంది, ఇన్ని గ్రాములు ఇస్తానని అనదు. మూడేళ్ళలో బంగారం ధర ఎంత కదులుతుందో అంచనా వేసి వాయిదా కట్టడం గుడ్డి లెక్క. 40 గ్రాములు కావాలంటే లక్ష్యాన్ని గ్రాముల్లోనే రాసుకుని, ఏటా 13 గ్రాముల చిల్లర చొప్పున కొనుక్కుంటూ పోవాలి. అప్పుడు ధర పెరిగినా తగ్గినా కొన్న గ్రాములు కొన్నట్టే ఉంటాయి. నగల దుకాణాల పదకొండు నెలల స్కీములు చాలామందికి అలవాటే. కానీ అక్కడ కట్టే డబ్బుకు, బ్యాంకు డిపాజిట్‌కు ఉండే 5 లక్షల వరకూ బీమా లేదు. ఒక్క దుకాణంలోనే పెద్ద మొత్తం పెట్టడం నేను ఒప్పుకోను.

వడ్డీ ఆదాయానికి పన్ను వర్తిస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 దాటితేనే టీడీఎస్ కోస్తారు. ఈ ఇంటి వడ్డీ ఏ ఏడాదీ అంత చేరదు. అయినా రిటర్నులో చూపించాలి.

ఏడాదికోసారి, ఉదాహరణకు 2027 మేలో, మండపం వాళ్ళనూ వంటవాళ్ళనూ మళ్ళీ ధర అడగండి. నడుస్తున్న రికరింగ్ డిపాజిట్ వాయిదాను పెంచుకోనివ్వరు, కానీ కొత్తది తెరవచ్చు. అంచనా కన్నా 40,000 ఎక్కువ కావాలని తేలితే, మిగిలిన 21 నెలలకు నెలకు 1,800 చొప్పున ఒక చిన్న ఖాతా చాలు. అది కూడా 2029 ఫిబ్రవరికే గడువు నిండేలా తెరవాలి.