నిఫ్టీ పెరిగింది, కాల్ తగ్గింది: ఆ ఆరు రూపాయలు ఎటుపోయాయి?

మార్కెట్ పెరిగితే కాల్ ఆప్షన్ కొన్నవాళ్లకి లాభమే కదా అని చాలామంది అనుకుంటారు. అన్నిసార్లూ అలా జరగదు. ఎందుకో తెలియాలంటే ఆ రోజు లాభనష్టాన్ని ముక్కలు చేసి చూడాలి.

లెక్కకోసం ఒక రోజు ఊహించుకుందాం. రేపు రిజర్వు బ్యాంకు వడ్డీరేట్ల ప్రకటన. నిఫ్టీ 24,000 దగ్గర ఉంది. గడువు ఇంకా 7 రోజులున్న 24,000 కాల్ ఒకటి 185.6 రూపాయలకి కొన్నాం. ఆ ధరలో ఇమిడి ఉన్న ఊగిసలాట అంచనా, అంటే ఇంప్లైడ్ వొలటిలిటీ, 14 శాతం. మర్నాడు నిఫ్టీ 100 పాయింట్లు పెరిగింది. కానీ ఏం చెప్తారో అన్న భయం తీరిపోయింది కాబట్టి అంచనా 10 శాతానికి దిగింది. కాల్ 179.4 అయింది. పైసలు వదిలేస్తే 6 రూపాయలు నష్టం.

ఇప్పుడు ముక్కలు. నిన్నటి డెల్టా 0.50, అంటే నిఫ్టీ ఒక పాయింటు కదిలితే కాల్ అర్ధరూపాయి కదులుతుంది. 100 పాయింట్లకి 50 రూపాయలు లాభం. అయితే నిఫ్టీ ఎక్కేకొద్దీ డెల్టా కూడా పెరుగుతుంది. ఇక్కడ 100 పాయింట్లలో అది 0.09 దాకా పెరిగింది. ఆ పెరుగుదల ఒక్కసారిగా రాలేదు, దారిపొడుగునా వచ్చింది. అందుకే సగమే లెక్కవేయాలి: 0.09ని 100తో గుణించి సగం చేస్తే సుమారు 4 రూపాయలు. ఇది గామా వాటా. ఒక రోజు గడిచినందుకు థీటా 13 రూపాయలు తీసుకుంది. అంచనా ఒక్కో శాతం తగ్గినప్పుడల్లా 13 రూపాయల పావలా పోతుంది, దాన్నే వేగా అంటారు. 4 శాతాలకి 53 పోయాయి. (గ్రీకు పేర్ల మధ్య ఉన్నా, వేగా అనే అక్షరం గ్రీకులో లేనే లేదు!)

కూడితే 12 రూపాయలు నష్టం రావాలి. వచ్చింది 6 మాత్రమే. మిగతా 6 ఎక్కడివి?

తప్పు కూడికలో లేదు. మనం వాడినవన్నీ నిన్నటి కొలతలు. అంచనా 10కి దిగాక రోజుకి థీటా 13 కాదు, తొమ్మిదిన్నరే. అక్కడ దాదాపు 4 మిగిలాయి. అంచనా తగ్గితే, నిఫ్టీ ఇలా స్ట్రైక్ దగ్గరే ఉన్నప్పుడు, గామా పెరుగుతుంది కాబట్టి అక్కడ ఇంకో 2 కలిశాయి. రెండు మార్పులు ఒకేరోజు కలిసి జరిగితే ఏ ఒక్కదాని ఖాతాలోనూ పడని డబ్బు ఇది. దీన్ని శేషం అంటారు.

మామూలు రోజుల్లో శేషం చిన్నదిగానే ఉంటుంది. కదలిక పెద్దదైనా, గడువు దగ్గరపడినా పెరుగుతుంది. అలాంటప్పుడు రోజుని రెండు మూడు భాగాలు చేసి, ప్రతి భాగానికీ కొలతలు కొత్తగా తీసుకుంటే తగ్గాలి. తగ్గకపోతే అనుమానించాల్సింది ధరనో, పాతబడిన వొలటిలిటీ అంకెనో. ఏ కదలికా లేని రోజు శేషం పెద్దదిగా కనిపించినా అంతే.