చీర రంగు మారింది, గడ్డం కింద ఎరుపు మాత్రం పోలేదు

ఆన్‌లైన్‌లో చీరలు చూస్తున్నప్పుడు ఒకే అమ్మాయి, ఒకే నిలబడే తీరు, ఒకే కుచ్చిళ్లు కనిపిస్తాయి. రంగు మాత్రం ఒక ఫొటోలో ఎరుపు, పక్కదాంట్లో ఆకుపచ్చ, ఆ పక్కన నీలం. ఇలాంటివాటిలో చాలా వరకు ఒక్క చీరనే ఫొటో తీసి, మిగతా రంగులు కంప్యూటర్‌లో వేసినవే. పని ఎంత శ్రద్ధగా చేశారో తెలియాలంటే చీరను కాదు, అమ్మాయి గడ్డం కింద చూడాలి. ఎర్ర చీర మీద పడిన వెలుతురు ఎగిరి గడ్డానికి, మోచేతి లోపలివైపుకు ఎర్రటి నీడ పూస్తుంది. చీర పచ్చబడినా ఆ నీడ ఎర్రగానే మిగిలిపోతే, కారణం చెప్పలేకపోయినా ఎక్కడో తేడా ఉందని మన కంటికి అనిపిస్తుంది.

బంగారు జరీ అంచున్న కుంకుమరంగు పట్టుచీరను ఆకుపచ్చగా మార్చడమే ఉదాహరణగా తీసుకుందాం. ఫొటోషాప్‌లో దీనికి వాడేది Hue/Saturation అనే అడ్జస్ట్‌మెంట్ లేయర్. ఇది ఫొటోను ముట్టుకోదు. దాని పైన పరిచిన పొరలా ఉండి, కింద ఉన్న రంగులు ఎలా కనబడాలో చెబుతుంది. రేపు నీలం కావాలన్నా, అసలు వద్దన్నా ఆ పొర ఒక్కదాన్ని మారిస్తే చాలు. దానికి జతగా వచ్చేది మాస్క్. మాస్క్‌లో తెల్లగా ఉన్నచోట మార్పు కనిపిస్తుంది, నల్లగా ఉన్నచోట కనిపించదు, బూడిదరంగు ఉన్నచోట సగం సగంగా కనిపిస్తుంది. గోడకు రంగేసే ముందు కిటికీ అద్దాలకు కాగితం అంటిస్తామే, మాస్క్ చేసే పనీ అదే.

హ్యూ స్లైడర్ రంగుల చక్రాన్ని తిప్పుతుంది. చక్రంలో ఎరుపు 0 డిగ్రీల దగ్గర, పసుపు 60 దగ్గర, ఆకుపచ్చ 120 దగ్గర, నీలం 240 దగ్గర ఉంటాయి. ఎరుపును ఆకుపచ్చ చేయాలంటే +120 జరిపితే సరిపోవాలి. జరిపి చూడండి. చీర పచ్చబడుతుంది, కానీ 45 డిగ్రీల దగ్గర ఉండే బంగారు జరీ 165కు చేరి నీలంపచ్చ అవుతుంది, ముఖం కూడా పచ్చబారుతుంది. అన్ని రంగులనూ ఒకే లెక్కన తిప్పినందుకు వచ్చిన తిప్పలు ఇవి.

అందుకే పైనున్న జాబితాలో Master బదులు Reds ఎంచుకుంటారు. అప్పుడు చక్రంలో 345 నుంచి 15 వరకు ఉన్న ఎరుపులు పూర్తిగా మారతాయి, అక్కడి నుంచి 45కు వచ్చేసరికి మార్పు మెల్లగా సున్నా అవుతుంది. జరీ చాలావరకు బయటపడుతుంది. అంచులో కాస్త ఎర్రబారిన బంగారం ఇంకా పచ్చగా మారుతుంటే, కింద ఉన్న 45 గుర్తును 30 దాకా లోపలికి లాగాలి. ముఖం మాత్రం దీంతో బయటపడదు. మన ఒంటిరంగు ఎరుపుకు, నారింజకు మధ్యనే ఉంటుంది కాబట్టి చీరనూ చర్మాన్నీ రంగును బట్టి విడదీయడం కుదరదు. ఆ పని మాస్క్‌దే. ముందు సెలెక్షన్ టూల్‌తో చీరను పట్టుకుని ఆ లేయర్ తెరిస్తే మాస్క్ దానంతటదే తయారవుతుంది. తర్వాత చీర మీద ఆనించిన చేతివేళ్లను, గాజులను, పైకి పడిన జడను నల్ల బ్రష్‌తో తప్పించాలి.

ఇప్పుడు చీర ఒక్కటే పచ్చగా ఉంది, అయినా పట్టులా లేదు. ప్లాస్టిక్ కవరులా మెరిసిపోతోంది. ఈ పనిలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. హ్యూ స్లైడర్ దృష్టిలో ఎరుపు, ఆకుపచ్చ ఒకే వెలుగున్న రంగులు. మన కంటికి మాత్రం కావు. స్క్రీన్ మీద నిండు ఎరుపు మన కంటికి 30 పాళ్లు వెలుగుగా కనిపిస్తే, నిండు ఆకుపచ్చ 59 పాళ్లు, నీలం కేవలం 11 పాళ్లు. చక్రం తిప్పేసరికి చీర వెలుగు ఇంచుమించు రెట్టింపయింది, దాని చుట్టూ ఉన్న గది వెలుగు మాత్రం అలాగే ఉండిపోయింది. దీనికి మందు లేయర్ బ్లెండ్ మోడ్‌ను Normal నుంచి Colorకు మార్చడం. అప్పుడు రంగు కొత్తది, వెలుగునీడలు పాతవి. చిలకపచ్చలా అరిచిన చీర ముదురు ఆకుపచ్చలోకి దిగి, మడతలు మళ్లీ లోతుగా కనిపిస్తాయి. ఇంకా గాఢంగా ఉంటే శాచురేషన్‌ను 15 నుంచి 25 దాకా తగ్గించవచ్చు. అక్కడే ఉన్న లైట్‌నెస్ స్లైడర్ జోలికి వెళ్లకపోవడం మంచిది. అది మెరుపులను, నీడలను కలిపి ఒకే స్థాయికి నొక్కేసి బట్టను చదును చేస్తుంది. వెలుగు సరిచేయాలంటే అదే మాస్క్‌తో ఒక కర్వ్స్ లేయర్ వేసుకోవాలి.

తర్వాత అంచులు. దగ్గరగా జూమ్ చేస్తే భుజం దగ్గర చీరకూ చర్మానికీ మధ్య సన్నటి ఎర్రగీత కనిపిస్తుంది. మాస్క్ సరిగ్గా గీసినా ఇది రావచ్చు. ఫైలు చిన్నదిగా ఉండాలని జేపెగ్ చాలాసార్లు వెలుగును పూర్తి వివరంగా, రంగును సగం వివరంగా దాస్తుంది. దాంతో చీర ఎరుపు ఒకటి రెండు పిక్సెళ్లు చర్మం మీదికి ఒలికి ఉంటుంది. మాస్క్ అంచును ఒక పిక్సెల్ బయటికి జరిపి, కొద్దిగా మెత్తబరిస్తే గీత పోతుంది. కెమెరా రా ఫైలు దొరికితే ఈ బాధ చాలావరకు ఉండదు.

ఇక గడ్డం కింది ఎరుపు. దీనికి రెండో Hue/Saturation లేయర్ కావాలి. దాని మాస్క్‌ను Ctrl+Iతో పూర్తిగా నలుపు చేసి, Redsలో హ్యూను 10 వరకు పసుపు వైపు జరిపి, శాచురేషన్ 20 తగ్గించి, ఫ్లో 10 శాతం పెట్టిన మెత్తటి తెల్ల బ్రష్‌తో గడ్డం కింద, మోచేతి లోపల, గాజుల మీద కొద్దికొద్దిగా పూయాలి. చర్మాన్ని పచ్చగా చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. చీర వల్ల వచ్చిన అదనపు ఎరుపు తగ్గితే చాలు.

జుట్టు దగ్గరికొస్తే ఈ పద్ధతి మొదటి అడుగులోనే ఆగిపోతుంది. నల్లటి జుట్టులో రంగు దాదాపు లేదు. లేని రంగును ఎంత తిప్పినా ఏమీ మారదు. గోధుమరంగు కావాలంటే ముందు కర్వ్స్‌తో జుట్టు వెలుగు పెంచి, ఆ తర్వాత Hue/Saturationలో Colorize టిక్ చేసి, హ్యూ 25 దగ్గర, శాచురేషన్ 25 దగ్గర మొదలుపెట్టాలి. అప్పుడు కూడా నీడలో పూర్తిగా నల్లబడిపోయిన పాయల్లో వివరం లేదు కాబట్టి, వాటిని వెలిగిస్తే బూడిదరంగు మచ్చలే వస్తాయి. వాటిని నల్లగానే వదిలేసి, వెలుతురు పడిన పాయలకు మాత్రం రంగు పూస్తే నమ్మేలా ఉంటుంది. తెల్లచీరదీ ఇదే కథ, తలకిందులుగా. ముందు దాని వెలుగు తగ్గించకుండా ఏ రంగూ నిలవదు.

దుకాణం వాళ్లు గుర్తుంచుకోవలసింది ఇంకొకటి ఉంది. ఈ పచ్చరంగు స్లైడర్ నుంచి వచ్చింది, మగ్గం నుంచి కాదు. అసలు పచ్చచీర ఇంట్లో ఉంటే దాని అంచు ముక్కనైనా అదే వెలుతురులో ఫొటో తీసి, పక్కన పెట్టుకుని హ్యూ కుదుర్చుకోవాలి. లేకపోతే ఫొటో ఎంత అందంగా ఉన్నా, చీర చేతికందిన రోజే తిరుగు టపాలో వచ్చేస్తుంది.