కొత్త మేనేజర్ వస్తున్నారు... మెయిల్‌లో ఏం రాయాలి?

విజయవాడలో మందుల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒక సంస్థ ఉందనుకుందాం. జూన్ 1, సోమవారం అక్కడ అకౌంట్స్‌కి కొత్త మేనేజర్ చేరుతున్నారు. అపార అనుభవం, అంకితభావం ఉన్న మేడమ్ మన కుటుంబంలోకి వస్తున్నారు, ఘనస్వాగతం పలకండి అంటూ హెచ్‌ఆర్ నుంచి అందరికీ మెయిల్ వెళ్లింది. వాట్సాప్ గ్రూపు నిండా చప్పట్లు. మధ్యాహ్నానికి గోడౌన్ నుంచి ఫోన్: "ఇకమీదట కొనుగోలు బిల్లులు ఎవరికి పంపాలండీ? సార్‌కా, మేడమ్‌కా?"

మెయిల్ చెప్పాల్సింది అదే. చెప్పనిదీ అదే.

అకౌంట్స్‌లో ఇలాంటి అస్పష్టత ఖరీదైన వ్యవహారం. నెలనెలా రిటర్నులు వేసే సంస్థ మే నెల జీఎస్టీఆర్-3బిని జూన్ 20లోగా దాఖలు చేయాలి. కొత్తవారు చూసుకుంటారని పాతవారు, పాతవారే వేస్తారని కొత్తవారు అనుకుంటే ఆలస్య రుసుము, వడ్డీ సంస్థ నెత్తిన పడతాయి. కాబట్టి బాధ్యత గురించి రాసేటప్పుడు హోదా పేరుతో సరిపెట్టకూడదు. "మే నెల రిటర్ను ఇప్పటిదాకా చూస్తున్న సీనియర్ అకౌంటెంటే వేస్తారు. జూన్ నెలది, అంటే జూలైలో వేయాల్సింది, కొత్త మేనేజర్ చూస్తారు. గోడౌన్ బిల్లులు జూన్ 15 వరకు ఇద్దరికీ పంపండి" అని రాస్తే ఎవరూ ఫోన్ చేసి అడగక్కర్లేదు.

నేపథ్యం రెండు వాక్యాలు చాలు, కానీ అవి పనికొచ్చే వాక్యాలై ఉండాలి. గుంటూరులో కోల్డ్ స్టోరేజీ లెక్కలు ఎనిమిదేళ్లు చూశారనీ, అక్కడ చేతిరాత బిల్లుల నుంచి కంప్యూటర్ బిల్లింగ్‌కి మార్చారనీ రాస్తే, తమ కష్టం తెలిసిన మనిషి వస్తున్నారని గోడౌన్ వాళ్లకు అర్థమవుతుంది. వయసు, పెళ్లి, పాత జీతం, సొంతూరు వంటివి వారు చెప్పుకోదలిస్తే వారే చెప్పుకుంటారు.

పేరు దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. మన ఇంటిపేరు ముందుంటుంది. ఫారంలో దాన్ని ముందు గడిలో నింపితే మెయిల్ ఐడీ, గుర్తింపు కార్డు అన్నీ ఇంటిపేరుతో తయారై, మనిషిని రోజూ ఇంటిపేరుతోనే పిలవడం మొదలవుతుంది. ఎలా పిలిస్తే బాగుంటుందో ముందే వారిని అడిగి, మెయిల్‌లో అలాగే రాయాలి.

అసలు కష్టమైన పని మెయిల్‌కి ముందు ఉంటుంది. ఇన్నాళ్లూ ఆ పని మోసిన సీనియర్ అకౌంటెంట్ ఆ పదవి తనకే వస్తుందని ఆశపడి ఉండొచ్చు. తనపైన ఇంకొకరు వస్తున్నారన్న సంగతి నలభై మందితో పాటు ఆయనా మెయిల్‌లోనే చదివితే, ఆ అవమానం మనసులో నిలిచిపోతుంది. రేపు పని అప్పగించాల్సింది ఆయనే. తలుపు మూసి, ఎదురుగా కూర్చోబెట్టి, ఎందుకు బయటివారిని తీసుకున్నారో, ఆయన పనిలో ఏది మారుతుందో, ఏది మారదో యజమాని స్వయంగా చెప్పాలి. మెయిల్ మర్నాడు వెళ్లినా నష్టం లేదు.

తొందరపాటుతో ఇంకో ప్రమాదం కూడా ఉంది. మన దగ్గర చాలా ఉద్యోగాల్లో రెండు మూడు నెలల నోటీసు ఉంటుంది. ఆఫర్ ఒప్పుకున్నవారు ఈలోగా మనసు మార్చుకోవచ్చు, లేదా పాత సంస్థలో ఇంకా రాజీనామా ఇచ్చి ఉండకపోవచ్చు. రాజీనామా ఆమోదం పొందాక, చేరే తేదీ ఖాయమయ్యాక, వారి అనుమతితోనే ప్రకటించాలి. చేరడానికి వారం ముందు సరైన సమయం.

ఇక స్వాగతం. బొకే ఇచ్చి, అందరి ముందు నిలబెట్టి "మీ గురించి చెప్పండి" అనడం చాలా ఆఫీసుల్లో ఆనవాయితీ. ఆ పది నిమిషాలు గడిచాక భోజనానికి ఎవరితో కూర్చోవాలో తెలియక ఆ మనిషి ఒంటరిగా మిగిలిపోతే ఏం లాభం? మైక్రోసాఫ్ట్ కొత్తగా చేరినవారికి తోడుగా ఒక సహోద్యోగిని కేటాయించి చూసింది. మొదటి 90 రోజుల్లో ఒక్కసారైనా కలిసినవారిలో 56 శాతం, ఎనిమిదిసార్లకు మించి కలిసినవారిలో 97 శాతం త్వరగా పనిలో కుదురుకోవడానికి ఆ తోడు ఉపయోగపడిందన్నారని ఆ సంస్థ అనుభవాన్ని 2019లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ ప్రచురించింది. ఒకసారి పరిచయం చేసి వదిలేయడానికీ, పదేపదే కలవడానికీ ఉన్న తేడా అది.

అందుకే మెయిల్ చివర సహోద్యోగులకు చిన్న చిన్న పనులు పేర్లతో సహా అప్పగించాలి. మొదటి రోజు భోజనానికి ఎవరు తీసుకెళ్తారు, మంగళవారం గోడౌన్ ఎవరు చూపిస్తారు, మొదటి నెలంతా వారానికి రెండుసార్లు ఎవరు పక్కన కూర్చుంటారు అన్నవి. మొదటి వారం పెద్ద సమావేశాలకు పిలవవద్దని కూడా రాయొచ్చు.

మెయిల్ రాసి పెట్టుకున్నారా? పంపే ముందు ఇద్దరికి చూపించండి: వచ్చే మేనేజర్‌కి, ఇన్నాళ్లూ ఆ పని చూసిన సీనియర్ అకౌంటెంట్‌కి. ఇద్దరూ సరేనన్నాకే అందరికీ పంపండి.