చీటీ మీది పొట్టి అక్షరాలు

డాక్టరు రాసిన చీటీలో మందు పేరు పక్కన ఉండే పొట్టి అక్షరాలు ఎక్కువగా లాటిన్ మాటల నుంచి వచ్చినవి. ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు. హెచ్ఎస్ పడుకునే ముందు, ఎస్ఓఎస్ అవసరమైతేనే. ఏసీ తిండికి ముందు, పీసీ తిన్నాక. 1-0-1 అంటే ఉదయం, రాత్రి ఒక్కొక్కటి, మధ్యాహ్నం వద్దని. పీఓ నోటి ద్వారా, ఐఎం కండకు, ఐవీ నరానికి. అయితే కంటి డాక్టరు చీటీలో అదే ఓడీ కుడి కన్ను కావచ్చు.

ఫోన్‌లో ఫొటో తీసి పంపితే చిక్కు పెరుగుతుంది. మడత మీద చుక్క మాసిపోతే 7.5 కాస్తా 75 అవుతుంది, అంచున రాసిన మాట తెగిపోతుంది. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్‌నే చూడండి. 7.5 మిల్లీగ్రాముల మోతాదంటే 2.5 బిళ్లలు మూడు, అదీ వారానికి ఒక్క రోజే. ఆ ‘వారానికి’ తెగిపోయి రోజూ మింగితే నోటిపూత, జ్వరం వస్తాయి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే ఫొటోలో చీటీ నాలుగు మూలలూ, తేదీ కనిపించాలి. మందుల షాపులో ఫార్మసిస్టును అడగాల్సింది: ఇది దేనికి, రోజూనా వారానికా, ఎన్నాళ్లు? గతంలో వాడిన బిళ్ల రంగో బలమో మారినా అడగాలి. ఆయన కూడా ఊహించి చెబుతున్నట్టు అనిపిస్తే, మొదటి బిళ్ల వేసుకోకముందే డాక్టరుకు ఫోన్ చేయించాలి.