నీలి బిళ్ల కనిపిస్తే కెపాసిటరేనా?

సెట్‌టాప్ బాక్సు అడాప్టర్ పనిచేయడం మానేసింది. ఇంట్లో కుర్రాడు దాని మూత ఊడదీసి, లోపలి బోర్డును ఫోన్‌తో ఫొటో తీసి, రిపేర్లు తెలిసిన మేనమామకు పంపాడు. “మామయ్యా, ఈ నీలి బిళ్ల నల్లగా మాడిపోయింది. ఇది కెపాసిటరే కదా, కొత్తది కొనుక్కురానా?” అని అడిగాడు. “తొందరపడకు. దాని పక్కన బోర్డు మీద ఏ అక్షరం ఉందో చూడు, బిళ్ల మీద ఏం రాసుందో చదువు” అన్నాడు మేనమామ.

బోర్డు ఫొటో చూసి విడిభాగాలను గుర్తుపట్టే పని సరిగ్గా ఆ రెండు ప్రశ్నలతోనే మొదలవుతుంది. ఆకారం చూస్తే ఒక అనుమానం మాత్రమే కలుగుతుంది. దాన్ని తేల్చేవి మూడు: బోర్డు మీద ముద్రించిన అక్షరం, భాగం మీద ఉన్న గుర్తు, ఆ భాగం కూర్చున్న చోటు.

అక్షరాల సంగతి తేలిక. R ఉంటే రెసిస్టర్, C ఉంటే కెపాసిటర్, D ఉంటే డయోడ్, ZD ఉంటే జీనర్ డయోడ్. Q అంటే ట్రాన్సిస్టర్, L అంటే కాయిల్, F అంటే ఫ్యూజు, U లేదా IC అంటే చిప్పు. పక్కనున్న అంకె వరస సంఖ్య మాత్రమే. R5 అంటే అయిదు ఓములని కాదు, ఆ బోర్డులో అయిదో రెసిస్టర్ అని.

ఇక మాడిన నీలి బిళ్ల దగ్గరికి వద్దాం. ఇలాంటి అడాప్టర్లలో కరెంటు లోపలికి వచ్చే వైపు బిళ్లలాంటి భాగాలు మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది సిరామిక్ కెపాసిటర్. దాని మీద 471K అని ఉంటే 47 పక్కన ఒక సున్నా చేర్చాలి, అంటే 470 పికోఫారడ్లు. K అంటే విలువ పది శాతం అటూ ఇటూ ఉండొచ్చని. రెండోది వేరిస్టర్. చాలా బోర్డుల్లో ఇదీ నీలమే, ఇదీ గుండ్రమే. దీని మీద 10D471K అని ఉంటుంది. 10D అంటే బిళ్ల వ్యాసం 10 మిల్లీమీటర్లు. ఇక్కడ 471 మాత్రం 470 వోల్టులు. లైన్లో వోల్టేజీ హఠాత్తుగా పెరిగినప్పుడు ఆ దెబ్బను తన మీద వేసుకుని మిగతా బోర్డును కాపాడటం దీని పని. మూడోది నలుపు లేదా ముదురాకుపచ్చ రంగులో ఉండే థర్మిస్టర్. 5D-9 అని ఉంటే, చల్లగా ఉన్నప్పుడు 5 ఓములు, వ్యాసం 9 మిల్లీమీటర్లు అని అర్థం. స్విచ్చి వేసిన క్షణంలో ఒక్కసారిగా దూసుకొచ్చే కరెంటును ఇది నెమ్మదింపజేస్తుంది.

కుర్రాడు ఫొటోను పెద్దది చేసి చూస్తే 10D471K కనిపించింది. పక్కన MOV1 అని ముద్ర ఉంది. భాగం ఫ్యూజు దాటాక లైనుకూ న్యూట్రల్‌కూ మధ్య అడ్డంగా ఉంది. మూడు ఆధారాలూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి అది వేరిస్టరే. దాని చోట 470 పికోఫారడ్ల కెపాసిటర్ పెడితే వోల్టేజీ పెరిగినప్పుడు బోర్డుకు రక్షణ ఉండదు. పైగా వేరిస్టర్ మాడిందంటే ఫ్యూజు కూడా పోయి ఉండొచ్చు, దాన్నీ చూసుకోవాలి. అదే అడాప్టర్‌లో ట్రాన్స్‌ఫార్మర్‌కు పక్కగా, బోర్డు రెండు సగాలనూ కలుపుతూ CY1 పేరుతో మరో నీలి బిళ్ల ఉంటుంది. దాని మీద Y1 లేదా Y2 అని రాసి ఉంటుంది. అది కెపాసిటరే. కానీ మనిషి చేయి తగిలే వైపుకు మెయిన్స్ కరెంటు దాటకుండా చూసే ప్రత్యేక రకం. దాని స్థానంలో మామూలు సిరామిక్ కెపాసిటర్ పెట్టకూడదు.

డయోడ్లలో కూడా ఇలాంటి చిక్కే ఉంది. కరెంటు వచ్చే వైపు నల్లటి చిన్న గొట్టాలు నాలుగు వరసగా ఉంటే అవి చాలావరకు 1N4007 డయోడ్లు. ఒక కొసన ఉన్న వెండి గీత కేథోడ్ వైపును చూపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాటాక, 12 వోల్టులు బయటికి వెళ్లే వైపు, ఇంచుమించు అలాగే ఉండి కాస్త లావుగా మరొకటి కనిపిస్తుంది. దాని మీద SR360 అని ఉంటే అది 3 ఆంపియర్లు, 60 వోల్టుల షాట్కీ డయోడ్. అక్కడ కరెంటు సెకనుకు వేల సార్లు మారుతుంది. సెకనుకు 50 సార్లు మారే మెయిన్స్ కోసం చేసిన 1N4007ను అక్కడ పెడితే వేడెక్కి పోతుంది. చూడటానికి ఒకేలా ఉన్నా, కూర్చున్న చోటే ఏది ఏమిటో చెబుతుంది.

మూడు కాళ్ల నల్ల భాగం కనిపించగానే ట్రాన్సిస్టర్ అనేయడం కూడా సరికాదు. ఇదే అడాప్టర్‌లో బయటికి వెళ్లే వోల్టేజీని కనిపెట్టి ఉండే TL431 అచ్చం ట్రాన్సిస్టర్‌లాగే ఉంటుంది. పక్కన Q బదులు U లేదా IC అని ఉండటమే తొలి ఆనవాలు.

రెసిస్టర్ల మీది రంగుల గీతలు ఫొటోలో తరచూ మోసం చేస్తాయి. పసుపు, ఊదా, ఎరుపు, బంగారం అంటే 4, 7, తర్వాత రెండు సున్నాలు. అంటే 4700 ఓములు, అయిదు శాతం తేడా. పచ్చటి బల్బు వెలుతురులో ఊదా రంగు గోధుమరంగులా కనిపించి 4, 1 అని చదివామనుకుందాం. అయిదు శాతం రెసిస్టర్ల ప్రామాణిక వరసలో 39, 43, 47 ఉన్నాయి కానీ 41 లేదు. లేని విలువ వచ్చిందంటే రంగును తప్పు చదివామని తెలిసిపోతుంది. మూడో గీత విషయంలో మాత్రం ఈ ఉపాయం పారదు. ఎరుపు నారింజలా కనిపిస్తే 4700 కాస్తా 47,000 అవుతుంది, రెండూ ఉన్న విలువలే. అప్పుడు మల్టీమీటర్ పట్టుకోవాల్సిందే.

కెపాసిటర్ల ధ్రువాల విషయంలో మరో జాగ్రత్త అవసరం. నిలువు డబ్బాలా ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ మీది నిలువు పట్టీ మైనస్ కాలును చూపుతుంది. బోర్డుకు అంటుకుని ఉండే చిన్న పసుపు లేదా నల్ల పెట్టె లాంటి టాంటలం కెపాసిటర్ మీది గీత మాత్రం ప్లస్ వైపు ఉంటుంది. డయోడ్ మీది గీతకు అలవాటుపడిన కన్ను దీన్ని డయోడ్ అనుకునే ప్రమాదమూ ఉంది. అక్కడా పక్కనున్న C అనే అక్షరమే దిక్కు.

ఏ ఫొటో చెప్పలేనిదీ ఒకటుంది. ఫోన్ బోర్డుల మీద గోధుమరంగులో, రెండు కొసలూ వెండిలా మెరుస్తూ బియ్యపు గింజకన్నా చిన్నగా ఉండే సిరామిక్ కెపాసిటర్ల మీద ఏ గుర్తూ ఉండదు. అది కెపాసిటర్ అని చెప్పొచ్చు కానీ విలువ చెప్పలేం. సర్క్యూట్ పటం చూడాలి, లేదా బోర్డు నుంచి ఊడదీసి కొలవాలి.

కాబట్టి సలహా కోసం పంపే ఫొటో ఒక్కటి సరిపోదు. నిటారుగా పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, వెనక రాగి దారులు కనిపించేలా ఒకటి కావాలి. ఫ్లాష్ వేస్తే మెరుపులో అక్షరాలు మాయమవుతాయి. కిటికీ వెలుతురు ఏటవాలుగా పడితే చెక్కిన గుర్తులు కూడా తేలతాయి. బోర్డును తాకేముందు ప్లగ్గు తీసేయడం ఒక్కటే చాలదు. 400 వోల్టుల పెద్ద కెపాసిటర్‌లో ప్లగ్గు తీశాక కూడా దాదాపు 325 వోల్టులు నిలిచి ఉండొచ్చు. దాని రెండు కాళ్ల మధ్య వోల్టేజీ తగ్గిపోయిందని మీటరుతో చూసుకున్నాకే బోర్డును చేత్తో తిప్పాలి.