ముడతలు ముఖానివా, వెలుతురువా?

అబ్రహాం లింకన్ ఫొటోలు రెండింటిని పక్కపక్కన వేయడం పుస్తకాలవాళ్లకు, టీవీవాళ్లకు బాగా అలవాటు. మొదటిది 1860 జూన్‌లో అలెగ్జాండర్ హెస్లర్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తీసింది. అప్పటికి ఆయన అధ్యక్ష పదవికి అభ్యర్థి, ముఖాన గడ్డం లేదు. రెండోది 1865 ఫిబ్రవరి 5న వాషింగ్టన్‌లో అలెగ్జాండర్ గార్డ్నర్ తీసింది. దవడలు లోపలికి పోయి, కళ్ల కింద సంచులు దిగి, ముఖం పీక్కుపోయి కనిపిస్తుంది. మధ్యలో జరిగింది అంతర్యుద్ధం. యుద్ధం మనిషిని పీల్చి పిప్పి చేసిందని కింద ఒక వాక్యం రాసేస్తారు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ మాట చెప్పడానికి ఆ రెండు ఫొటోలు చాలతాయా అన్నది వేరే సంగతి.

ముడత ఫొటోలో ఎలా పడుతుందో ముందు చూద్దాం. ముడత అంటే చర్మంలో చిన్న పల్లం. కెమెరాకు ఆ పల్లం తెలియదు, అందులో పడ్డ నీడే తెలుస్తుంది. వెలుతురు ఎదురుగా, ముఖమంతా సమంగా పరుచుకుంటే పల్లంలో నీడ పడదు, ముడత మాయమవుతుంది. అదే వెలుతురు నెత్తి మీది నుంచో, ఒక పక్క నుంచో వస్తే చిన్న గీత కూడా నల్లగా తేలుతుంది. నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చేసి చూడొచ్చు. ఒక మనిషిని పగలు కిటికీకి ఎదురుగా నిలబెట్టి ఒక ఫొటో, రాత్రి సరిగ్గా ట్యూబ్‌లైట్ కింద నిలబెట్టి ఇంకో ఫొటో తీయండి. రెండోదానిలో కనుబొమల కింద గుంటలు, ముక్కు పక్కల నుంచి నోటి దాకా రెండు గీతలు, బుగ్గ ఎముకల కింద లోతు కనిపిస్తాయి. పొద్దున్నుంచి రాత్రికి మనిషికి పదేళ్లు మీద పడ్డట్టుంటుంది.

కాబట్టి పాత, కొత్త ఫొటోలు ముందు పెట్టుకున్నప్పుడు మొదట చూడాల్సింది ముఖం కాదు, దీపం ఎక్కడుందన్నది. దాన్ని పట్టిచ్చే గుర్తులు ఫొటోలోనే ఉంటాయి. నల్లగుడ్డు మీద మెరిసే తెల్లచుక్క చూడండి. చిన్న చుక్కగా ఉంటే ఫ్లాష్, వెడల్పాటి పలకలా ఉంటే కిటికీ. ఆ మెరుపు నల్లగుడ్డు పైఅంచున ఉన్నా, అసలే లేకపోయినా వెలుతురు బాగా పైనుంచి పడుతోందన్నమాట. తర్వాత ముక్కు కింది నీడ. అది పై పెదవి దాకా సాగిందంటే దీపం నెత్తిమీదే ఉంది.

నేను వీటన్నిటికంటే ఎక్కువగా నమ్మేది చొక్కా కాలరును. కాలరుకు వయసు రాదు కదా! ఒక ఫొటోలో బట్ట మడతలు కూడా గాట్లు పెట్టినట్టు కనిపిస్తుంటే, ముఖం మీది గీతల్లో సగం ఆ వెలుతురు చలవే. బట్ట నున్నగా ఉండి ముఖం మీద మాత్రం గీతలు తేలితే, అవి నిజంగా ముఖానివే. మన పాత స్టూడియో ఫొటోల్లో దీనికి తిరకాసు కూడా ఉంటుంది. నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో ముడతలు పూడ్చేసే టచింగ్ పని అప్పట్లో మామూలే. కాలరు మడతలు పదునుగా ఉండి బుగ్గలు మాత్రం గుడ్డులా నున్నగా ఉంటే ఆ పెన్సిల్‌ను అనుమానించాలి.

ఇక లింకన్ దగ్గరికి వద్దాం. ఆ కాలపు స్టూడియోలో దీపమంటే ఎండే. పైకప్పులో గానీ, పక్క గోడ ఎగువన గానీ బిగించిన గాజు పలకల్లోంచి దిగేది. అంటే కంటి గుంటలు, దవడ పల్లాలు లోతుగా పడటానికి అనువైన ఏర్పాటు. పైగా అప్పటి తడి కొలోడియన్ పలకకు నీలం వెలుగే బాగా తెలిసేది, ఎరుపు దాదాపు తెలిసేది కాదు. ఎండకు కమిలిన చర్మం, మచ్చలు ఉన్నదానికంటే నల్లగా పడేవి. ఈ దోషం రెండు ఫొటోలకూ ఉంది కాబట్టి పోలికకు పెద్ద అడ్డు కాదు. అసలు అడ్డు గడ్డం. 1865 నాటికి అది దవడ అంచును కప్పేసింది. కింది ముఖం చిక్కిందా, చర్మం జారిందా అన్నది ఆ ఫొటో చెప్పలేదు. కళ్ల చుట్టూ, కణతల దగ్గర, బుగ్గ ఎముకల కింద కనిపించేదే మిగిలిన ఆధారం. అది కూడా నీడ మీద ఆధారపడ్డదే.

అదృష్టం కొద్దీ లింకన్ విషయంలో వెలుతురుతో పనిలేని సాక్ష్యం ఉంది. 1860లో షికాగోలో లియొనార్డ్ వోక్ అనే శిల్పి ఆయన ముఖం మీద ప్లాస్టర్ వేసి అచ్చు తీశాడు. 1865 ఫిబ్రవరిలో, గార్డ్నర్ ఫొటో తీసిన కొద్ది రోజులకే, క్లార్క్ మిల్స్ మరో అచ్చు తీశాడు. రెండు అచ్చులనూ ఒకే దీపం కింద పెట్టి చూస్తే మిగిలే తేడా ముఖానిదే. మొదటిదానిలో కండ పట్టు మీద ఉంది. రెండోదానిలో బుగ్గలు దిగిపోయాయి, గీతలు లోతయ్యాయి. సెయింట్-గాడెన్స్ అనే పేరున్న శిల్పి దీన్ని మొదట చూసినప్పుడు చనిపోయాక తీసిన అచ్చే అని పట్టుబట్టాడని, లింకన్ కార్యదర్శి జాన్ హే రాశాడు. ప్లాస్టర్‌కూ దాని లోపం దానికుంది. తడి ముద్ద బరువుకు మెత్తటి చర్మం అణుగుతుంది, కళ్లు మూసే ఉంటాయి. అయినా ఫొటోల్లో కనిపించిన చిక్కుదనం ఉత్త నీడ కాదని చెప్పడానికి అది చాలు.

మనింట్లో ప్లాస్టర్ అచ్చులుండవు. ఒళ్లు చేసిందా, చిక్కిందా అన్నది తేల్చడానికి కొలత పనికొస్తుంది. ఎదిగిన మనిషికి రెండు కనుపాపల మధ్య దూరం పెద్దగా మారదు, కాబట్టి దాన్నే కొలబద్దగా వాడుకోవచ్చు. పెళ్లినాటి ఫొటోలో కనుపాపల మధ్య 20 మిల్లీమీటర్లు, నోటి ఎత్తున ముఖం వెడల్పు 36 వచ్చాయనుకుందాం. అంటే 1.8 రెట్లు. ఇప్పటి ఫొటోలో 30, 60 వస్తే 2 రెట్లు. ముఖం పదోవంతుకు పైగా నిండిందని లెక్క. రెండింటిలోనూ తల నేరుగా ఉండాలి, ఇద్దరూ నవ్వకూడదు అని కాదు గానీ, ఒకదానిలో నవ్వి ఇంకోదానిలో బిగుసుకుంటే లెక్క తప్పుతుంది. నవ్వు బుగ్గల్ని పక్కలకు నెడుతుంది.

కొత్త ఫొటో సెల్ఫీ అయితే మరో చిక్కు. 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టిన ప్రకారం, 12 అంగుళాల దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు, 5 అడుగుల నుంచి తీసినదానికంటే 30 శాతం దాకా వెడల్పుగా కనిపిస్తుంది. ముందున్నది పెరిగితే వెనకున్నవి తగ్గుతాయి. చెవులు, దవడ మూలలు వెనక్కి పోయి ముఖం సన్నబడుతుంది. సెల్ఫీ చూసి చిక్కిపోయావని అనే ముందు, ఐదడుగుల దూరం నుంచి ఇంకెవరిచేతైనా ఒకటి తీయించడం మంచిది.

ఇదంతా అయ్యాక రాసే వర్ణన ఎలా ఉండాలి? దవడ అంచు తిన్నగా ఉండేది, ఇప్పుడు మధ్యలో జారింది, పైరెప్ప మడత కంటి మీదికి దిగింది, చెవితమ్మె సాగింది. ఇవి ఆకారాలు, వెలుతురు మారినా ఉంటాయి కాబట్టి గట్టిగా రాయొచ్చు. నుదుటి గీతలు, కళ్ల కింది నలుపు, రంగు మాత్రం రెండు ఫొటోల వెలుతురూ ఒకటే అయితేనే రాయాలి. జుట్టు పలచబడిందన్నది ఈ రెండిటికీ మధ్య ఉంటుంది. నెత్తి మీద దీపం పడితే ఉన్న జుట్టులోంచి కూడా మాడు మెరుస్తుంది. నుదుటి దగ్గర జుట్టు అంచు వెనక్కి జరగడం అలా కాదు.

ఎండోక్రైన్ డాక్టర్లు కొందరు రోగుల్ని పాత ఫొటోలు తెమ్మని అడిగేది కూడా ఆకారాల కోసమే. ఆక్రోమెగాలీ అనే జబ్బులో, మెదడు కింది పిట్యూటరీ గ్రంథిలో గడ్డ వల్ల గ్రోత్ హార్మోన్ ఎక్కువై, ఏళ్ల తరబడి దవడ, ముక్కు, కనుబొమల ఎముక పెరుగుతూ పోతాయి. రోజూ చూసే ఇంట్లోవాళ్లు వయసు మీద పడుతోందనుకుంటారు. పదేళ్ల తేడాతో తీసిన రెండు ఫొటోలు పక్కన పెడితే దవడ ముందుకు రావడం, పెదవులు మందం కావడం తెలుస్తాయి. ఫొటోల వెలుతురు తేడాగా ఉంటుందని వాళ్లకూ తెలుసు. అందుకే వాటితో ఆగరు. పెళ్లి ఉంగరం ఇంకా వేలికి పడుతోందా, చెప్పుల సైజు పెరిగిందా అని కూడా అడిగి, రక్తపరీక్షకు పంపిస్తారు.